మాట లేని ఫొటో వచ్చింది, ముందు ఏం చెప్పాలి?

ప్రశ్న: ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. చుట్టాల్లో ఎవరి కారులో ఏ దీపం వెలిగినా ఫొటో తీసి నాకు వాట్సాప్ చేస్తారు. పక్కన ఒక్క ముక్క రాయరు. నాలుగు నెలల కిందట మా చెల్లెలి కూతురు ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్తూ అలాగే పంపింది. నూనె డబ్బా గుర్తు, ఎర్రగా. నేను ‘ఏ మోడల్? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఆయిల్ ఎప్పుడు మార్చారు? శబ్దం వస్తోందా?’ అని వరసగా రాస్తూ పోయాను. తను అవి చూసుకునే లోపు పన్నెండు కిలోమీటర్లు నడిపేసింది. ఇంజన్ పట్టేసింది. ‘ముప్పై ఏళ్ల అనుభవం ఉండి ఒక్క మాట చెప్పలేకపోయావు’ అన్నాడు మా బావ. అది ఇంకా గుచ్చుకుంటోంది. అప్పటి నుంచి ఏ ఫొటో వచ్చినా ‘ఆపెయ్’ అనడం మొదలుపెట్టాను. పోయిన నెల మా అన్న కొడుకు టైరు గాలి దీపానికి నా మాట విని, రాత్రి పదింటికి పెళ్లాం పిల్లలతో హైవే అంచున రెండు గంటలు నిలబడ్డాడు. ఇప్పుడు వాడికీ కోపమే. ఆ రెండు ఫొటోలూ, నిన్న పక్కింటాయన పంపిన ఇంకొకటీ జత చేస్తున్నాను. అసలు ప్రశ్నే అడగని మనిషికి ముందు ఏం వివరించాలి?

— ఖమ్మం జిల్లా పాఠకుడు

సమాధానం: మీ మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. నా కళ్లు ముందు దీపాల మీదికి పోలేదు, ముళ్ల మీదికి పోయాయి. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టి ఉంటే బాగుండేది.

మీ మేనకోడలు పంపిన ఫొటోలో స్పీడు ముల్లు ఎనభై దగ్గరుంది. ఇంజన్ చుట్లు చూపించే ముల్లు రెండు వేలు దాటింది. అంటే ఆ పిల్ల ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఇంకో చేత్తో ఫొటో తీసింది. పక్కింటాయన ఫొటోలో ఆ రెండో ముల్లు సున్నా మీద పడుకుని ఉంది, దీపాలు మాత్రం ఆరేడు వెలుగుతున్నాయి: ఇంజన్, బ్యాటరీ, ఆయిల్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, హ్యాండ్‌బ్రేక్. ఆయన కారుకి ఏమీ కాలేదు. తాళం తిప్పి స్టార్ట్ చేయకుండా వదిలేస్తే ఏ కారైనా అలాగే కనిపిస్తుంది. దీపాలన్నీ పనిచేస్తున్నాయో లేదో అది తనను తాను చూసుకుంటోంది. ఇంజనే తిరగనప్పుడు ఆయిల్‌కి ఒత్తిడి ఎక్కడిది, బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కడిది? అందుకే ఆ రెండూ వెలిగి తీరాలి. స్టార్ట్ చేశాక రెండు మూడు సెకన్లలో ఆరిపోతే ఆయన నిశ్చింతగా ఆఫీసుకి వెళ్లొచ్చు. మీరు ఆయనకు కూడా ‘కదలొద్దు’ అనే చెప్పి ఉంటారని నా అనుమానం.

చూడండి, అదే నూనె డబ్బా గుర్తు రెండు ఫొటోల్లోనూ ఉంది. ఒకదాన్లో అది మామూలు విషయం, ఇంకోదాన్లో ఇంజన్ ప్రాణం పోతోంది. తేడా గుర్తులో లేదు, ముల్లులో ఉంది.

ప్రశ్న అడగలేదు అన్నారు. అడిగారండీ. బండి నడుపుతూ, గుండె దడదడలాడుతూ ఫొటో పంపిన ప్రతి మనిషీ అడిగేది ఒక్కటే: ‘పోవచ్చా, ఆపాలా?’ ఆ దీపం పేరేంటో, ఏ సెన్సర్ చెబితే వెలిగిందో, బాగు చేయడానికి ఎంతవుతుందో వాళ్లకి అప్పుడు అక్కర్లేదు. ముందు చెప్పాల్సింది పోవడమో ఆపడమో. తర్వాత గుర్తు పేరు. కారణం ఆ తర్వాత. ఖర్చు మాట అన్నిటికంటే చివర.

మీరు అడిగిన నాలుగు ప్రశ్నలూ మంచి మెకానిక్ అడిగేవే, వాటిని తప్పు పట్టను. కాకపోతే అవి డిపోలో అడిగే ప్రశ్నలు. అక్కడ బస్సు పిట్టు మీద నిలబడి ఉంటుంది, మీరు ఎంతసేపు ఆలోచించినా అది ఎక్కడికీ పోదు. ఇక్కడ బండి ఎనభై మీద పోతోంది. ఎనభై అంటే నిమిషానికి కిలోమీటరున్నర కంటే కాస్త తక్కువ. మీరు నాలుగు ప్రశ్నలు టైపు చేయడం, ఆమె సందు చూసుకుని ఫోను తీయడం, అన్నీ కలిపి తొమ్మిది నిమిషాలు. పన్నెండు కిలోమీటర్లు అక్కడే అయిపోయాయి.

ఆ ఆయిల్ దీపం సంగతి మీకు తెలియంది కాదు గానీ, మీ చుట్టాలకు ఎలా చెప్పాలో చూద్దాం. ఎందుకంటే అందరూ దాన్ని ఒకే రకంగా పొరబడతారు. నా గ్యారేజీకి వచ్చేవాళ్లు దాన్ని అల్లావుద్దీన్ దీపం అంటారు, ‘ఆయిల్ మార్చే టైమొచ్చిందని గుర్తు చేస్తోంది’ అనుకుంటారు. సర్వీసుకి ఆదివారం ఇద్దాంలే అని నడిపేస్తారు. అది ఆయిల్ పాతబడిందని చెప్పదు. చాలా కార్లలో ఎంత ఆయిల్ ఉందో కూడా చెప్పదు. అది చెప్పేది ఒత్తిడి గురించి. మన బస్సుల్లో ఆయిల్ ప్రెజర్‌కి ముల్లు మీటరే ఉండేది, పడిపోతుంటే కంటికి కనిపించేది. కార్లలో ఒక చిన్న స్విచ్చి మాత్రం ఉంటుంది. ఒత్తిడి దాదాపు అర కిలో కంటే కిందికి పడితే దీపం వెలుగుతుంది. రెండు వేల చుట్ల మీద తిరిగే ఇంజన్‌లో మామూలుగా రెండు నుంచి నాలుగు కిలోల ఒత్తిడి ఉండాలి. అక్కడ కూడా దీపం వెలిగిందంటే పంపు నుంచి బేరింగులకు ఆయిల్ అందడం దాదాపు ఆగిపోయినట్టే. క్రాంక్ షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య ఉండే సన్నని నూనె పొర పోయి, ఇనుము ఇనుముని రాసుకుంటుంది. దానికి గంటలు పట్టదు, నిమిషాలు చాలు.

కాబట్టి ఆ ఫొటోకి జవాబు ఇంతే: ‘ఎడమ పక్కకి తీసి ఆపు. ఆగాక ఇంజన్ ఆపెయ్. మళ్లీ స్టార్ట్ చెయ్యకు. ఆపి ఫోన్ చెయ్యి.’ ఆ వరస మారకూడదు. కొందరు కంగారులో బండి కదులుతుండగానే తాళం తిప్పేస్తారు. బ్రేకుకీ స్టీరింగ్‌కీ ఇంజన్ అందించే సాయం పోయి రెండూ బిగుసుకుంటాయి, తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగే లాక్ పడొచ్చు. ఇంజన్ కాపాడబోయి మనిషిని పోగొట్టుకుంటాం.

మెసేజ్ పెట్టాలా, ఫోన్ చేయాలా అన్నది మీరు తేల్చుకోవాల్సిందే. నడిపే మనిషికి ఫోన్ చేయడం మంచి పని కాదు. కానీ మెసేజ్ పెడితే ఆమె కళ్లు రోడ్డు మీంచి తీసి చదవాలి, పైగా ఎప్పుడు చూస్తుందో తెలియదు. నేనైతే స్పీడు ముల్లు సున్నా కంటే పైనుండి ఎర్ర దీపం వెలుగుతుంటే ఫోనే చేస్తాను. ‘పక్కకి ఆపు, ఆపాక మాట్లాడదాం’ అని పెట్టేస్తాను. ముల్లు సున్నా మీదుంటే మెసేజ్ చాలు.

ఆగిన తర్వాత కథ వేరు. అప్పుడు మీ ప్రశ్నలన్నీ తీరిగ్గా అడగొచ్చు. హజార్డ్ లైట్లు వేయమనండి. మనుషులు దిగి, రోడ్డుకి దూరంగా బారికేడు అవతల నిలబడాలి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేస్తే సాయం దొరుకుతుంది. ఇన్సూరెన్స్‌లో రోడ్డు సాయం కూడా కట్టి ఉంటే ఆ నంబరు పాలసీ కాగితం మీదే ఉంటుంది. ఈలోపు బండి సమంగా ఉన్న చోట ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయించండి. తుడిచి, మళ్లీ లోపలికి గుచ్చి, తీసి, రెండో ఫొటో పంపమనండి. మీకు పనికొచ్చే ఫొటో అదే.

డిప్‌స్టిక్ మీద నూనె కింది గీతకంటే దిగువనుంటే మీకు రెండు దారులున్నాయి. దగ్గర్లో బంకు ఉంటే ఎవరి చేతనైనా ఆ కారు పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్ లీటరు తెప్పించి పోయొచ్చు. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా లీటరు అటూ ఇటూగా ఉంటుంది. పోశాక స్టార్ట్ చేసి దీపం వైపే చూడాలి. రెండు మూడు సెకన్లలో ఆరితే, శబ్దం లేకపోతే, మెల్లగా దగ్గర్లోని మెకానిక్ దాకా వెళ్లొచ్చు. ఆరకపోతే ఆ క్షణమే ఆపేయాలి. ఇందులో చిక్కేంటంటే ఆ ఆయిల్ ఎక్కడికి పోయిందో మీకు తెలియదు. స్పీడ్ బ్రేకరు తగిలి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు చిట్లి ఉంటే పోసిందంతా పది కిలోమీటర్లలో రోడ్డు పాలవుతుంది. అందుకని ముందు బండి కింద చూడమనండి, తాజా నల్లటి మరక ఉందా అని. ఉంటే పోయడం దండగ, లాగించుకోవడమే. ఈ మధ్యే సర్వీసు చేయించి ఉంటే డ్రైన్ బోల్టు, ఆయిల్ ఫిల్టరు మీద అనుమానపడండి. పాత ఫిల్టరు రబ్బరు ఇంజన్‌కే అతుక్కుని ఉండగా దాని మీదే కొత్తది బిగిస్తే ఒక్కసారిగా కారిపోతుంది. మా గ్యారేజీలో కొత్త కుర్రాడి చేతిలో ఒకసారి ఇదే జరిగింది, ఆ డబ్బు నేనే కట్టాను.

డిప్‌స్టిక్ మీద నూనె గీతల మధ్యే ఉందనుకోండి, చాలామంది అప్పుడు ‘ఆయిల్ ఉంది కదా, సెన్సరే పోయింది’ అని ధైర్యంగా బయల్దేరతారు. అదే ప్రమాదకరమైన కేసు. పంపు పోయి ఉండొచ్చు, సంపులో జాలీ బురదతో మూసుకుపోయి ఉండొచ్చు. నిజంగా స్విచ్చే చెడిపోయి ఉండొచ్చు, అదీ జరుగుతుంది. కానీ ఫొటోలో చూసి, ఫోన్లో విని ఆ తేడా మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. స్విచ్చి విప్పి అక్కడ ప్రెజర్ మీటరు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అందాకా స్టార్ట్ చేయకూడదు. లాగించే ఖర్చు కొన్ని వేలు, ఇంజన్ పని ఎంతయ్యిందో మీ బావకి తెలుసు.

ఇప్పుడు మీ అన్న కొడుకు ఫొటో. గుర్రపు నాడా ఆకారం, మధ్యలో ఆశ్చర్యార్థకం, పసుపు రంగు. టైర్లలో ఏదో ఒకదాన్లో గాలి తగ్గిందని అర్థం. రాత్రి పదింటికి అన్నారు కదా. గాలి చల్లబడితే టైరులో ఒత్తిడి కూడా తగ్గుతుంది, పది డిగ్రీలకు ఒకటిన్నర పాయింటు దాకా పడుతుంది. ముందే కాస్త తక్కువగా ఉన్న టైరుకి దీపం వెలగడానికి అది చాలు. ఆ ఫొటోకి జవాబు ‘ఆపెయ్’ కాదు. ‘అరవైకి తగ్గించి పో. బండి ఒక పక్కకి లాగినా, దడదడ శబ్దం వచ్చినా వెంటనే ఆపు. లేకపోతే వెలుతురున్న మొదటి బంకులో ఆగి నాలుగు టైర్లూ చూడు’ అని. గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభానికి అంటించిన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. రాత్రిపూట హైవే అంచున చీకట్లో నిలబడటం ఆ టైరు కంటే పెద్ద ప్రమాదం. లారీ వాళ్లకి మీ వాళ్లు కనబడతారన్న నమ్మకం లేదు. అతని కోపంలో న్యాయం ఉంది, ఒప్పేసుకోండి.

ఎరుపైతే ఆపడం, పసుపైతే జాగ్రత్తగా పోయి చూపించుకోవడం అన్న లెక్క ఎక్కువ సార్లు సరిపోతుంది. ఈ గుర్తులకు ప్రపంచమంతా ఒకే ప్రమాణం ఉంది, ఐఎస్‌ఓ 2575 అంటారు. కాబట్టి కారు కంపెనీ మారినా నూనె డబ్బా నూనె డబ్బాగానే ఉంటుంది. కానీ ఫొటో రెండు చోట్ల మోసం చేస్తుంది, మీకు అసలు ఇబ్బంది అక్కడే.

ఒకటి రంగు. రాత్రిపూట ఫోన్ కెమెరా ఎర్ర దీపాన్ని నారింజగా, ఒక్కోసారి పసుపు తెలుపుల మధ్య చూపిస్తుంది. అందుకని ఫొటోలో రంగు మీద అనుమానం ఉంటే ‘కంటికి ఎరుపా, పసుపా?’ అని అడగండి. ముఖ్యంగా గుండ్రంలో ఆశ్చర్యార్థకం ఉన్న గుర్తుకి. ఎరుపైతే అది బ్రేకు. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించినా ఆరకపోతే బ్రేక్ ఆయిల్ తగ్గిందేమో, పెడల్ మెత్తగా లోపలికి పోతోందేమో, బండి ఆపి చూడాల్సిందే.

రెండోది, ఫొటో కదలదు. దీపం నిలకడగా వెలుగుతోందో, ఆరి వెలుగుతోందో ఫొటోలో తెలియదు. చాలా దీపాలకు ఆ తేడా అంత ముఖ్యం కాదు గానీ, పసుపు ఇంజన్ దీపానికి అదే సర్వస్వం. మన వాళ్లు ‘కుళాయి గుర్తు వెలిగింది’ అంటారే, అదే. నిలకడగా ఉండి బండి మామూలుగా నడుస్తుంటే ఈ వారంలో స్కానర్ పెట్టించుకుంటే సరిపోతుంది, పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా కొన్ని కార్లలో అది వెలుగుతుంది. అదే కొట్టుకుంటుంటే, బండి కుదుపుతుంటే, ఏదో ఒక సిలిండర్ మండటం లేదని. స్కానర్‌లో P0301 లాంటి కోడ్ వస్తుంది, అంటే ఒకటో సిలిండర్. కాలని పెట్రోలు పొగ గొట్టంలోకి పోయి అక్కడ పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌లో మండుతుంది, కన్వర్టర్ కరిగిపోయేంత వేడి పుడుతుంది. కన్వర్టర్ ధర ప్లగ్గులకు ఎన్నో రెట్లు. అప్పుడు యాక్సిలరేటర్ బాగా తగ్గించి, ఆపగలిగిన మొదటి చోట ఆపించాలి. కాబట్టి ఈ ఒక్క గుర్తుకి మాత్రం జవాబు కంటే ముందు ప్రశ్న రావాలి: ‘కొట్టుకుంటోందా?’ ఒక్క మాట, అంతే.

ఎర్ర దీపాల్లో ఇంకో రెండు మీకు తరచుగా వస్తాయి. వేడి దీపానికి కూడా ఆపమనే చెప్పాలి, కాకపోతే వెంటనే ‘రేడియేటర్ మూత ముట్టుకోకు’ అని కలపండి. ఆగాక మనిషి చేసే మొదటి పని బానెట్ ఎత్తి ఆ మూత తిప్పడమే, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. బ్యాటరీ దీపం ఎర్రగా ఉన్నా అంత తొందర లేదు. ఛార్జింగ్ ఆగిపోయింది, బ్యాటరీలో మిగిలినదాంతో పగటిపూట ఏసీ ఆపి కొంత దూరం పోవచ్చు. కానీ దాంతో పాటు వేడి ముల్లు పైకి పోతున్నా, స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కినా బెల్టు తెగిందని అర్థం. కొన్ని ఇంజన్లలో నీళ్ల పంపు తిరిగేది ఆ బెల్టుతోనే. అప్పుడు అది కూడా ఆపాల్సిన దీపమే.

మీ బావ మాట గురించి. ఇంజన్ విప్పాక చూపించి ఉంటారు, కాలి నల్లబడిన బేరింగులు. అవి ఫొటో తీయడానికి ముందు దెబ్బతిన్నాయా, తర్వాతా అని ఎవరూ చెప్పలేరు. దీపం వెలిగిన ఎంతసేపటికి ఆమె ఫొటో తీసిందో కూడా తెలియదు. వెంటనే ఆపించి ఉంటే బతికేదేమో, బతకకపోనూ వచ్చు. ఆ తొమ్మిది నిమిషాల బాధ్యత మాత్రం కొంత మీదే, దాన్ని కాదనను. మీ బావతో ఏం మాట్లాడాలన్నది మీ ఇష్టం. వాదించుకోవచ్చు, అప్పుడు సాంకేతికంగా మీరే గెలుస్తారు, చెల్లెలి ఇంటికి రాకపోకలు తగ్గుతాయి. ‘ముందు ఆపమని ఉండాల్సింది, ప్రశ్నలు తర్వాత అడగాల్సింది బావా’ అనొచ్చు, అప్పుడాయన ఇంకో నాలుగు మాటలు అంటే పడాలి. ఊరుకోవచ్చు కూడా. నేనైతే రెండోది చేసి, మేనకోడలితో విడిగా మాట్లాడతాను. ఎందుకంటే రేపు ఫొటో పంపాలా వద్దా అని ఆలోచించేది ఆ పిల్ల. మామయ్య మీద గొడవైంది కదా అని పంపడమే మానేస్తే అందరికంటే నష్టం ఆమెకే.

ఒక పని ఈ వారంలోనే చేయించండి. మీకు ఫొటోలు పంపేవాళ్లందరినీ, బండి ఇంటి దగ్గర నిలబడి ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి ఒక ఫొటో, స్టార్ట్ చేసి ఒక నిమిషం ఆగాక ఇంకో ఫొటో పంపమనండి. మొదటి దాన్లో ఆ కారుకి ఏయే దీపాలున్నాయో, ఏ మూల ఉన్నాయో మీకు తెలుస్తుంది. రెండో దాన్లో ఏవీ మిగలకూడదు, హ్యాండ్‌బ్రేక్, సీటు బెల్టు తప్ప. మొదటి ఫొటోలో నూనె డబ్బా అసలు వెలగకపోతే మాత్రం సంతోషపడొద్దు. దీపమో వైరో పోయింది, ఆ కారులో ఆయిల్ ఒత్తిడి పడినా ఎవరికీ తెలియదు. ముందు మేనకోడలి కారు చూడండి, ఇంజన్ పని చేయించిన తర్వాత ఆ స్విచ్చి వైరు తిరిగి తగిలించారో లేదో.